పోర్ట్ ఫార్వర్డింగ్: ఆటకు తెరవగల తలుపు, కెమెరాకు తెరవకూడని తలుపు



ఇంట్లో వైఫై అందుతున్నంతసేపు సీసీ కెమెరా దృశ్యం ఫోన్‌లో చక్కగా కనిపిస్తుంది. వీధి మలుపు తిరిగి ఫోన్ మొబైల్ డేటా మీదకు మారగానే అది కాస్తా ఆగిపోతుంది. ఫోన్ మారలేదు, పాస్‌వర్డ్ మారలేదు, టైపు చేసిన అడ్రస్ కూడా మారలేదు. ఇంటి కంప్యూటర్ మీద మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టుకున్న కుర్రవాళ్లదీ ఇదే ఇబ్బంది. పక్కగదిలో కూర్చున్న తమ్ముడు ఆటలోకి రాగలుగుతాడు, పక్కవీధిలో ఉన్న స్నేహితుడు రాలేడు. ఆ అడ్డు ఇంటి రూటర్‌లో ఉంది. దాన్ని కొంతమేర తొలగించే పద్ధతిని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. అది ఎలా చెయ్యాలో ఈ పూట చెబుతాను. ఆటల సర్వర్‌కు చెయ్యచ్చని, కెమెరాకు మాత్రం చెయ్యకూడదని నేనెందుకు గట్టిగా అంటున్నానో కూడా చెబుతాను.

ముందు ఆ అడ్డు ఎందుకు పుట్టిందో చూద్దాం. ఇంటర్నెట్‌లో ప్రతి పరికరానికీ ఒక అంకెల అడ్రస్ ఉండాలి. దాన్నే ఐ.పి. అడ్రస్ అంటున్నాం. ఇప్పటికీ బాగా వాడుకలో ఉన్న పాత పద్ధతిలో అలాంటి అడ్రసులు మొత్తం కలిపి 430 కోట్లకు మించవు. ప్రపంచంలో ఉన్న ఫోన్లకే అవి చాలవు. ఈ కొరతను ముందే ఊహించి 1994లో కొన్ని అంకెల వరుసలను ఇళ్లకు, ఆఫీసులకు లోపలి వాడకం కోసం విడిగా కేటాయించారు. 192.168తో మొదలయ్యే అడ్రసులు అలాంటివే. మీ ఇంట్లో ఫోన్‌కు 192.168.1.5 అని ఉండవచ్చు, మా ఇంట్లో టీవీకీ అదే ఉండవచ్చు. నాలుగు గోడల మధ్య తప్ప ఆ అంకెకు విలువ లేదు. బయటి ప్రపంచానికి ఇల్లంతటికీ కలిపి ఒకే అడ్రస్ కనిపిస్తుంది, అది రూటర్‌ది.

ఒక అపార్టుమెంటును తలచుకోండి. వీధిలోకి ఒకటే గేటు, గేటు దగ్గర వాచ్‌మన్, ఆయన చేతిలో ఒక పుస్తకం. లోపల ఉన్నవాళ్లెవరైనా బయటినుంచి సరుకు తెప్పించుకుంటే ఆ సంగతి ఆయన పుస్తకంలో రాసుకుంటాడు. సరుకు రాగానే ఏ ఫ్లాటుకు పంపాలో ఆయనకు తెలుసు. ఎవరూ పిలవకుండా గేటు దగ్గరకు వచ్చి నిలబడిన మనిషిని ఏ ఫ్లాటుకు పంపాలో తెలియదు కాబట్టి వెనక్కి పంపేస్తాడు. రూటర్ చేసేదీ అదే. మీ ఫోన్ ఏదైనా వెబ్‌సైటును అడిగినప్పుడు, ఆ అడిగిన సంగతి రూటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి ఫోన్‌కు అందిస్తుంది. బయటినుంచి మొదటి పలకరింపుగా వచ్చినది మాత్రం పట్టికలో ఉండదు, కాబట్టి లోపలికి రాదు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ పుస్తకంలో మనం ముందుగానే శాశ్వతంగా ఒక వరుస రాసిపెట్టడం. ఫలానా నంబరు చెప్పి ఎవరు వచ్చినా ఫలానా ఫ్లాటుకు పంపు అని.

ఆ ఫలానా నంబరే పోర్ట్. ఇది రూటర్ వెనకాల కనిపించే కేబుల్ రంధ్రం కాదు. ప్రతి సందేశం మీదా అడ్రస్‌తో పాటు ఉండే మరో అంకె. 65,535 వరకు ఉంటుంది. వెబ్ పేజీలకు 80, 443 వాడతారు. కెమెరాల వీడియోకు మామూలుగా 554. కంప్యూటర్లలో ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు 25565. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌కు 19132.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. నెల్లూరులో ఉంది. పెద్దవాళ్లిద్దరు, వాళ్ల దగ్గర ఉండి ఇంటర్మీడియట్ చదువుకునే మనవడు. ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు, హాల్లో టీవీ కింద వాటి రికార్డర్. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. పగలు ఒకసారి అమ్మానాన్నలు ఎలా ఉన్నారో చూసుకోవాలని ఆమె కోరిక. మనవడికేమో నలుగురు స్నేహితులతో మైన్‌క్రాఫ్ట్ ఆడుకోవడానికి తన కంప్యూటర్ మీద సర్వర్ పెట్టాలని. ఈ రెండు కోరికలకూ ఒకే రూటర్.

మనవడి పనితో మొదలుపెడదాం. రూటర్‌లో ఏదైనా మార్చేముందు అతను చూడవలసింది ఒకటుంది. చాలామంది దీన్ని వదిలేసి గంటలకొద్దీ అవస్థపడతారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. బ్రౌజర్‌లో రూటర్ అడ్రస్ టైపు చేస్తే, చాలా ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది, పాస్‌వర్డ్ అడిగి రూటర్ పేజీ తెరుచుకుంటుంది. అందులో స్టేటస్ అనే చోట వ్యాన్ అని, అంటే బయటివైపు అని, ఒక ఐ.పి. అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత అదే ఇంటి వైఫై మీద ఉండి, నా ఐ.పి. అడ్రస్ ఏమిటి అని చెప్పే ఏదైనా వెబ్‌సైటు తెరవాలి. అది చూపించే అంకె, కాగితం మీద రాసుకున్న అంకె ఒకటే అయితే మంచిది, ముందుకు వెళ్లవచ్చు. వేరు వేరుగా ఉంటే, ఈ ఇంటి రూటర్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య ఇంకో రూటర్ ఉందన్నమాట.

ఆ ఇంకో రూటర్ రెండు రకాలుగా ఉండవచ్చు. ఒకటి, ఇంట్లోనే. ఆపరేటర్ బిగించిన ఫైబర్ పెట్టె ఒకటి, సిగ్నల్ బాగా అందాలని మనం కొని తగిలించుకున్న రూటర్ ఇంకొకటి. రెండూ వాచ్‌మన్ పని చేస్తుంటాయి. అప్పుడు ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ పద్ధతికి మార్చమని ఆపరేటర్‌ను అడిగితే అది పక్కకు తప్పుకుంటుంది, మన రూటర్ ఒక్కటే మిగులుతుంది. రెండో రకం ఆపరేటర్ దగ్గర ఉంటుంది. అడ్రసుల కొరత వల్ల ఎన్నో ఇళ్లను కలిపి ఒకే బయటి అడ్రస్ వెనకాల పెడతారు. దీన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. వ్యాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసలో కనిపిస్తే అనుమానం అక్కర్లేదు, అది ఇదే. 2012లో ఆ వరుసను దీనికోసమే కేటాయించారు. కొందరు ఆపరేటర్లు 10తో మొదలయ్యే అడ్రస్ కూడా ఇస్తారు. ఇలాంటి కనెక్షన్‌లో మన గేటు పుస్తకంలో ఎన్ని వరుసలు రాసినా ప్రయోజనం లేదు. ఎందుకంటే వచ్చినవాడు మన గేటు దాకా రాడు, కాలనీ మొదటి గేటు దగ్గరే ఆగిపోతాడు. ఆ గేటు పుస్తకం మన చేతిలో ఉండదు. మన రాష్ట్రాల్లో ఇళ్లకిచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఈ పద్ధతి బాగా కనిపిస్తుంది. విడిగా స్టాటిక్ ఐ.పి. కావాలని అడిగితే కొందరు ఆపరేటర్లు అదనపు రుసుముతో ఇస్తారు.

మన నెల్లూరు ఇంట్లో రెండు అంకెలూ సరిపోయాయనుకుందాం. ఇక రెండో పని. సర్వర్ నడిపే కంప్యూటర్‌కు ఇంటి లోపలి అడ్రస్ స్థిరంగా ఉండాలి. మామూలుగా రూటర్ ఆ అడ్రసులను తాత్కాలికంగా పంచుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు, ముందుగా అడిగినవాళ్లకు ముందుగా ఇచ్చేస్తుంది. నిన్నటిదాకా కంప్యూటర్‌ది అయిన అడ్రస్ ఇవాళ తాతగారి ఫోన్‌కు వెళ్లిపోవచ్చు. రూటర్‌లో రాసిన వరుస మాత్రం పాత అడ్రస్‌నే చూపిస్తూ ఉంటుంది. మొన్నటిదాకా బాగానే నడిచింది, ఏమీ ముట్టుకోలేదు, ఉన్నట్టుండి ఆగిపోయింది అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. రూటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే పేజీ ఉంటుంది. అక్కడ ఈ కంప్యూటర్‌ను ఎంచుకుని, దీనికి ఎప్పుడూ 192.168.1.50 ఇవ్వు అని రాసి భద్రం చేస్తే చాలు.

ఆ తర్వాతే అసలు వరుస. రూటర్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ అనో, వర్చువల్ సర్వర్ అనో ఒక చోటు ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది, పని ఒకటే. బయటి పోర్ట్ అన్న గడిలో 25565, లోపలి అడ్రస్ గడిలో 192.168.1.50, లోపలి పోర్ట్ గడిలో మళ్లీ 25565. ప్రోటోకాల్ అని ఇంకో గడి ఉంటుంది. అందులో టి.సి.పి., యు.డి.పి. అని రెండు ఎంపికలు. జావా ఎడిషన్‌కు టి.సి.పి. ఎంచుకోవాలి. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ అయితే 19132, యు.డి.పి. ఇక్కడ ఒకదానికి బదులు ఇంకొకటి పెడితే మిగతా గడులన్నీ సరిగా ఉన్నా సర్వర్ పలకదు. కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ కూడా ఈ పోర్ట్‌ను లోపలికి రానివ్వాలి. సర్వర్‌ను మొదటిసారి నడిపినప్పుడు విండోస్ అనుమతి అడుగుతుంది. తొందరలో క్యాన్సిల్ నొక్కితే అది నిషేధంగా నమోదైపోతుంది.

సర్వర్ ఫోల్డర్‌లో `server.properties` అనే ఫైలు ఉంటుంది. అందులో ఈ రెండు వరుసలు ఇలా ఉన్నాయో లేదో మనవడు చూసుకోవాలి.

```
online-mode=true
white-list=true
```

మొదటిది ఆటగాడి ఖాతా నిజమైనదేనా అని మైన్‌క్రాఫ్ట్ కంపెనీని అడిగి తేల్చుకునే ఏర్పాటు. రెండోది మనం పేర్లు రాసిన స్నేహితులను తప్ప ఎవరినీ రానివ్వని ఏర్పాటు. రెండో వరుస మొదట్లో `false` అని ఉంటుంది, మార్చవలసిన బాధ్యత మనదే. ఆ నలుగురి కోసమే తలుపు తీస్తున్నాం. కానీ తీసిన తలుపు ప్రపంచమంతటికీ తీసినట్టే కాబట్టి, లోపల ఈ కాపలా లేకుండా తీయకూడదు.

పని చేస్తోందో లేదో చూడడానికి ఒక క్రమం ఉంది. మొదట సర్వర్ నడుస్తున్న కంప్యూటర్‌లోనే ఆట తెరిచి `localhost` అని అడ్రస్ ఇవ్వాలి. అది కుదిరితే ఇంట్లోనే ఇంకో కంప్యూటర్ నుంచి 192.168.1.50 అని ఇవ్వాలి. అదీ కుదిరితే బయటినుంచి చూడాలి. బయటినుంచి అంటే నిజంగా బయటినుంచే. ల్యాప్‌టాప్‌కు ఇంటి వైఫై తీసేసి, ఫోన్ మొబైల్ డేటాను హాట్‌స్పాట్‌గా పెట్టుకుని, అప్పుడు ఇంటి బయటి అడ్రస్ టైపు చేయాలి. ఇంటి వైఫై మీద ఉంటూనే బయటి అడ్రస్ టైపు చేసి, రాలేదు అని బాధపడేవాళ్లు ఎందరో. లోపలి మనిషి బయటి గేటు చిరునామా అడిగితే కొన్ని రూటర్లు తికమకపడతాయి. అంతమాత్రాన బయటివాళ్లకు పని చేయడం లేదని కాదు.

బయటినుంచి రాకపోతే తెర మీద వచ్చే మాటను శ్రద్ధగా చదవాలి. అందులోనే సగం జవాబు ఉంటుంది. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వెంటనే వచ్చిందంటే, సందేశం ఏదో ఒక యంత్రం దాకా చేరింది, ఆ పోర్ట్ దగ్గర వినేవాళ్లెవరూ లేరని అది జవాబు కూడా చెప్పింది. సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు, లేదా లోపలి అడ్రస్ వేరే పరికరానికి వెళ్లి ఉండవచ్చు. కనెక్షన్ టైమ్డ్ ఔట్ అని చాలాసేపటి తర్వాత వచ్చిందంటే, సందేశం దారిలోనే మాయమైంది. అప్పుడు ఫైర్‌వాల్‌ను, రూటర్‌లో రాసిన వరుసను, ఇందాక చెప్పిన ఆపరేటర్ గేటును అనుమానించాలి. ఈ తేడా తెలిస్తే ఏ వైపు వెతకాలో తెలుస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. స్టాటిక్ ఐ.పి. తీసుకోని కనెక్షన్‌కు బయటి అడ్రస్ మారుతూ ఉంటుంది, ముఖ్యంగా రూటర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు. డైనమిక్ డి.ఎన్.ఎస్. అనే సేవ ఒక పేరు ఇస్తుంది, అడ్రస్ మారినప్పుడల్లా రూటరే ఆ సేవకు తెలియజేస్తుంది. స్నేహితులకు అంకె బదులు ఆ పేరు చెబితే సరిపోతుంది.

మనవడి పని అయింది. అమ్మాయి కోరికకు వద్దాం.

చూడడానికి ఇది ఇంకా తేలిక. రికార్డర్‌కు 192.168.1.60 అని రిజర్వు చేసి, వెబ్ పేజీ కోసం 80, వీడియో కోసం 554, రికార్డర్ కంపెనీ చెప్పిన ఇంకో పోర్ట్, ఈ మూడింటికీ మూడు వరుసలు రాస్తే బెంగళూరులో దృశ్యం వచ్చేస్తుంది. కెమెరాలు బిగించేవాళ్లు చాలాకాలం ఇలాగే చేశారు, ఇప్పటికీ కొందరు చేస్తున్నారు. పని జరుగుతుంది కాబట్టి ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఇది చేయవద్దని నేను చేతులు జోడించి చెబుతున్నాను.

తలుపు తీశాక ఆ సంగతి మనమెవరికీ చెప్పకపోయినా ప్రపంచానికి తెలిసిపోతుంది. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జెడ్‌మ్యాప్ అనే సాధనం తయారు చేశారు. ఒక్క కంప్యూటర్, ఒక మంచి కనెక్షన్ ఉంటే, ఇంటర్నెట్‌లోని పాత పద్ధతి అడ్రసులన్నింటిలో ఒక పోర్ట్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో ముప్పావుగంటలోపు చూసిరావచ్చని వాళ్లు చేసి చూపించారు. ఆ పని ఇవాళ ఎందరో నిత్యం చేస్తున్నారు. షోడాన్ అనే వెతుకులాట సైటు అలా దొరికిన పరికరాలను జాబితా చేసి మరీ చూపిస్తుంది. నెల్లూరులో ఓ ఇంట్లోని రికార్డర్‌ను ఎవరు పట్టించుకుంటారని అనుకోవడానికి లేదు. వెతికేది మనిషి కాదు, యంత్రం. దానికి నెల్లూరూ న్యూయార్కూ ఒకటే. 80కి బదులు 48,219 అని ఏదో వింత పోర్ట్ పెడితే దొరకమనుకోవడం కూడా పొరపాటే. దొరకడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

దొరికితే ఏమవుతుంది, పాస్‌వర్డ్ ఉంది కదా అంటారు. ఇక్కడ 2016లో జరిగినది చెప్పాలి. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఒకటి ఆ ఏడాది ఇంటర్నెట్‌ను వణికించింది. అది చేసిన పనిలో గొప్ప తెలివేమీ లేదు. బయటినుంచి అందే కెమెరాలను, రికార్డర్లను, రూటర్లను వెతికి, కంపెనీలు ఫ్యాక్టరీలో పెట్టి పంపే అరవైకి పైగా పేరు-పాస్‌వర్డ్ జతలను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించింది. తలుపు తెరుచుకున్న ప్రతి పరికరాన్నీ తన సైన్యంలో చేర్చుకుంది. అలా లక్షల పరికరాలు చేరాయి. దాని కోడ్‌ను తయారు చేసినవాళ్లే బయట పెట్టాక, 2016 అక్టోబర్ 21న అలాంటి పరికరాల సైన్యం డైన్ అనే కంపెనీ మీద పడింది. వెబ్‌సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చి చెప్పడం ఆ కంపెనీ పని. దాంతో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు అమెరికాలో చాలామందికి కొన్ని గంటలపాటు అందకుండా పోయాయి. ఆ కెమెరాల యజమానుల్లో ఎక్కువమందికి తమ కెమెరా ఆ పనిలో ఉందని తెలియనే తెలియదు. ఎందుకంటే దృశ్యం మామూలుగానే వస్తుంది, రికార్డింగూ జరుగుతూనే ఉంటుంది. పరికరాన్ని ఆపి మళ్లీ పెడితే మిరాయ్ చెరిగిపోయేది. పాస్‌వర్డ్ మార్చకపోతే కొద్దిసేపట్లోనే మళ్లీ పట్టుకునేది.

మిరాయ్‌ను రాసిన ముగ్గురు అమెరికా యువకులు 2017 డిసెంబర్‌లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. వాళ్ల కథ మొదలైంది మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల దగ్గరే. ఆ సర్వర్లు నడిపేవాళ్ల మధ్య డబ్బు పోటీ ఉండేది. ఎదుటివాడి సర్వర్‌ను పడగొట్టడానికి, పడకుండా కాపాడతామని అమ్ముకోవడానికి ఇలాంటి పరికరాల సైన్యాలు వాడేవారు. కెమెరా, ఆటల సర్వర్ ఒకే ప్రసంగంలోకి రావడం అందుకే అసహజం కాదు. తలుపు తీసి వదిలేసిన కెమెరాలు ఆటల సర్వర్లను కూల్చే ఆయుధాలయ్యాయి.

మంచి పాస్‌వర్డ్ పెట్టుకుంటే సరిపోతుందా? సరిపోదు. 2021 సెప్టెంబర్‌లో ప్రపంచంలోనే పెద్ద కెమెరా తయారీదారుల్లో ఒకటైన హిక్‌విజన్ తన పరికరాల్లో చాలా నమూనాలకు ఒక లోపం ఉందని ప్రకటించి, దిద్దుబాటు విడుదల చేసింది. `CVE-2021-36260` అని దాని నమోదు సంఖ్య. కెమెరా వెబ్ పేజీకి ప్రత్యేకంగా కూర్చిన ఒక సందేశం పంపితే చాలు, పాస్‌వర్డ్ అడగకుండానే పరికరం మొత్తం పంపినవాడి చేతికి వచ్చేస్తుంది. తీవ్రతను పదికి 9.8గా లెక్కగట్టారు. దిద్దుబాటు వచ్చినా దాన్ని పరికరంలోకి ఎక్కించాలి కదా. టీవీ కింద దుమ్ము పట్టి ఉన్న రికార్డర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఇళ్లు మీకు ఎన్ని తెలుసు? బిగించినవాళ్లు మళ్లీ రారు, ఇంటివాళ్లకు ఆ సంగతి తెలియదు. మనవడి సర్వర్ అలా కాదు. ఆట కొత్తది రాగానే అతనే మారుస్తాడు, ఆడనప్పుడు ఆపేస్తాడు, పోయినా పోయేది ఒక ఆట ప్రపంచం. కంప్యూటర్‌కూ కొంత ప్రమాదం లేకపోలేదు, కానీ దాన్ని రోజూ చూసుకునే మనిషి ఉన్నాడు. రికార్డర్ ఏడాది పొడవునా రాత్రింబగళ్లు నడుస్తుంది. దాన్ని ఎవరూ చూసుకోరు, పైగా దానికి కనిపించేది పెద్దవాళ్ల ఇల్లు. నా తేడా అంతా ఇక్కడుంది.

మరి అమ్మాయి కోరిక తీరేదెలా? రికార్డర్‌కు తలుపు తీయకుండా, అమ్మాయి ఫోన్‌ను ఇంటి లోపలికి తీసుకురావాలి. దీనికి వి.పి.ఎన్. వాడతారు. వాటిలో వైర్‌గార్డ్ అనేది తేలికైనది, ఉచితం, కొన్ని రూటర్లలో ముందే ఉంటుంది. లేకపోతే రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ మీద పెట్టుకోవచ్చు. రూటర్ పుస్తకంలో అప్పుడు ఒకే వరుస ఉంటుంది. యు.డి.పి. పోర్ట్ 51820, వైర్‌గార్డ్ నడిచే యంత్రానికి. రూటరే వైర్‌గార్డ్ నడిపితే ఆ వరుస కూడా మామూలుగా అవసరం ఉండదు. ఇది కూడా తెరిచిన తలుపే కదా అని మీకు తోచవచ్చు. తేడా ఏమిటంటే, సరైన తాళంచెవితో వచ్చిన సందేశానికి తప్ప వైర్‌గార్డ్ అసలు పలకదు. తప్పు అని కూడా చెప్పదు. ఇందాక చెప్పిన వెతికే యంత్రాలు ఆ పోర్ట్‌ను తట్టినా వాటికి నిశ్శబ్దమే ఎదురవుతుంది. తాళంచెవి అంటే మనిషి గుర్తుపెట్టుకునే పాస్‌వర్డ్ కాదు, ఊహించడానికి వీల్లేని పొడవాటి అక్షరాల వరుస. దాన్ని క్యు.ఆర్. కోడ్‌గా చూపిస్తే అమ్మాయి ఫోన్‌తో స్కాన్ చేసుకుంటుంది. ఆ తర్వాత బెంగళూరులో వైర్‌గార్డ్ మీట నొక్కి, కెమెరా యాప్‌లో ఇంట్లో ఉన్నప్పుడు వాడిన 192.168.1.60నే వాడుకుంటుంది. ఫోన్ పోతే ఆ ఒక్క తాళంచెవిని ఇంటివైపు తీసేస్తే సరి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, ముందే చెబుతాను. బెంగళూరు ఫ్లాటులో వైఫై కూడా 192.168.1తోనే మొదలవుతూ ఉంటే, 192.168.1.60 అన్నప్పుడు తన పక్కగదిలో వెతకాలో నెల్లూరులో వెతకాలో ఫోన్‌కు తెలియదు. మొబైల్ డేటా మీద వస్తుంది, ఫ్లాటు వైఫై మీద రాదు. అలా జరిగితే కారణం ఇదే అయి ఉండవచ్చు. నెల్లూరు రూటర్‌లో లోపలి వరుసను 192.168.37 లాంటి ఎవరూ మామూలుగా వాడని అంకెకు మార్చుకుంటే తీరిపోతుంది. ముందే మార్చుకుంటే ఇంకా మంచిది, తర్వాత మారిస్తే రిజర్వేషన్లన్నీ మళ్లీ రాయాలి.

ఆపరేటర్ గేటు వెనకాల ఉన్న ఇళ్లకు ఈ దారి కూడా లేదు, ఎందుకంటే 51820 దాకా కూడా ఎవరూ రాలేరు. అలాంటి ఇళ్లకు నేను టెయిల్‌స్కేల్ లాంటి సేవలను చూడమంటాను. అందులో ఇంటి యంత్రమూ ఫోనూ రెండూ లోపలినుంచి బయటికి పలకరిస్తాయి, మధ్యవర్తి సర్వర్ వాటిని ఒకదానికొకటి పరిచయం చేస్తుంది. తలుపు తీయనక్కర్లేదు. కెమెరా కంపెనీల సొంత యాప్‌లు, క్యు.ఆర్. కోడ్ స్కాన్ చేయగానే పని చేసేవి, ఇదే పద్ధతి మీద నడుస్తాయి. అవి సులువే. కాకపోతే మన ఇంటి దృశ్యానికి మధ్యవర్తి ఆ కంపెనీ అవుతుందని, ఆ ఖాతా పాస్‌వర్డ్ పోతే దృశ్యం పోయినట్టేనని గుర్తుంచుకుని వాడుకోవాలి. రెండంచెల ధృవీకరణ ఉంటే తప్పకుండా పెట్టుకోవాలి.

కొత్త పద్ధతి అడ్రసులు, ఐ.పి.వి.6 అనేవి, మన దేశంలో బాగా వ్యాపించాయి. వాటిలో ప్రతి పరికరానికీ సొంత బయటి అడ్రస్ ఉండగలదు, కాబట్టి ఫార్వర్డింగ్ అనే పనే ఉండదు. రూటర్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఇస్తే చాలు. కానీ కెమెరా విషయంలో నా మాట అక్కడా మారదు. అనుమతి ఇస్తే తెరిచినట్టే.

చివరిగా యు.పి.ఎన్.పి. గురించి. చాలా రూటర్లలో ఈ పేరుతో ఒక మీట ఉంటుంది, తరచుగా ఆన్‌లోనే ఉంటుంది. ఇది ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా మనల్ని అడగకుండా రూటర్‌తో తానే మాట్లాడి తన కోసం పోర్ట్ తెరిపించుకోగలదు. ఆటల పరికరాలకు సౌకర్యంగా ఉంటుందని పెట్టారు. కొన్ని కెమెరాలు, రికార్డర్లు కూడా దీన్ని వాడుకుంటాయి. అంటే మీరు ఒక్క వరుసా రాయకపోయినా మీ కెమెరా ఇప్పటికే బయటికి తెరిచి ఉండవచ్చు.

అందుకని ఈ ప్రసంగం వింటున్నవారిలో కెమెరా ఉన్న ఇళ్లవారికి ఒక విన్నపం. ఇవాళ రాత్రికి రూటర్ పేజీ తెరవండి, మీకు తెలియకపోతే ఇంట్లో తెలిసిన పిల్లలను కూర్చోబెట్టండి. పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో, యు.పి.ఎన్.పి. పట్టికలో రికార్డర్ అడ్రస్ ఉన్న వరుస కనిపిస్తే తీసేయండి. యు.పి.ఎన్.పి. మీటను ఆపేయండి. రికార్డర్‌కు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంటే మార్చండి, రూటర్‌కు కూడా. బయటినుంచి చూడడం రెండు రోజులు ఆగిపోయినా పరవాలేదు, ఈలోగా వి.పి.ఎన్. ఏర్పాటు చేసుకోవచ్చు. కెమెరా బిగించడానికి వచ్చినవారు పోర్ట్‌లు తెరుస్తామంటే వద్దని చెప్పండి.